నొప్పి కుడివైపు, పొడుగు ఎముక ఎడమవైపు: ఏది తీయించాలి?

ప్రశ్న: నా వయసు 43. రెండేళ్లుగా గొంతులో కుడివైపు, దవడ మూల కింద ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటోంది. మింగినప్పుడు, ఆవలించినప్పుడు, తల తిప్పినప్పుడు నొప్పి చెవి దాకా పాకుతుంది. ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్స్, అసిడిటీ అని ఇంకేవో మందులు వాడాను. జ్ఞానదంతం కూడా పీకించుకున్నాను. ఏడాదిన్నర కిందట కెమెరాతో చూసి గొంతు బాగానే ఉందన్నారు. చివరికి సీటీ స్కాన్‌లో స్టైలాయిడ్ ఎముక కుడివైపు 38 మిల్లీమీటర్లు, ఎడమవైపు 41 మిల్లీమీటర్లు ఉందని, ఇది ఈగిల్ సిండ్రోమ్ అని చెప్పారు. ఒక డాక్టర్ నోట్లోంచి ఆపరేషన్ చేస్తానన్నారు, ఇంకొకరు మెడ దగ్గర కోసి తీయాలన్నారు, మూడో ఆయన మాత్రలతో చూద్దామన్నారు. ఎడమవైపు ఎముక ఇంకా పొడుగు కదా, అదీ తీయించాలా? 19 ఏళ్లప్పుడు టాన్సిల్స్ తీయించుకున్నాను. ఇది క్యాన్సర్ కావచ్చా? ఈ మధ్య రెండుసార్లు కారు వెనక్కి తీస్తూ తల తిప్పినప్పుడు కళ్లు మసకబారి, క్షణంలో సర్దుకున్నాయి. అది కూడా చెప్పాలనిపించి రాస్తున్నాను.
— ఒక పాఠకురాలు

సమాధానం: మీరు చివర్లో, చెప్పాలా వద్దా అన్నట్టు రాసిన ఆ కారు సంగతితోనే మొదలుపెడతాను. ఎందుకంటే నోట్లోంచి ఆపరేషనా, మెడ దగ్గర నుంచా, మాత్రలా అన్న మీ మూడు దారుల ప్రశ్నకు జవాబు చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంది. మీకు సలహా ఇచ్చిన ముగ్గురు డాక్టర్లలో ఎవరికైనా ఈ విషయం చెప్పారో లేదో మీరు రాయలేదు. చెప్పి ఉండకపోతే, వాళ్లు ఇచ్చిన సలహాలన్నీ సగం కథ విని ఇచ్చినవే అవుతాయి.

స్టైలాయిడ్ ఎముక చెవి కింద, పుర్రె అడుగు నుంచి సన్నని కొమ్ములా కిందికీ, ముందుకీ, కొంచెం లోపలికీ దిగుతుంది. ఆ కొమ్ము కొస మెదడుకు రక్తం తీసుకెళ్లే లోపలి కెరోటిడ్ ధమనికీ, ముఖానికి రక్తం ఇచ్చే బయటి కెరోటిడ్ ధమనికీ మధ్య ఉంటుంది. ఎముక మామూలు పొడవులో ఉంటే ఈ ఇరుగుపొరుగుతో పేచీ ఉండదు. పొడుగ్గా ఉండి, కొస ధమని వైపు వాలి ఉంటే, తల ఒక పక్కకు బాగా తిప్పినప్పుడు అది ధమనిని నొక్కవచ్చు, లేదా ధమని గోడ మీద అల్లుకుని ఉండే సన్నని నరాలను రాపాడవచ్చు. అప్పుడు కంటి చుట్టూ నొప్పి, తలనొప్పి, తల తిరగడం, చూపు మసకబారడం, అరుదుగా స్పృహ తప్పడం వంటివి వస్తాయి. 1937లో ఈ జబ్బును వివరించిన అమెరికన్ ఈఎన్‌టీ సర్జన్ వాట్ ఈగిల్ కూడా దీన్ని రెండు రకాలుగానే చెప్పాడు. ఒకటి గొంతులో ముల్లులా గుచ్చుతూ చెవికి పాకే రకం, రెండోది ధమనికి సంబంధించిన రకం. మీ ఉత్తరం నిండా మొదటి రకం లక్షణాలే ఉన్నాయి. చివరి రెండు వాక్యాలు మాత్రం రెండో రకం వైపు వేలు చూపిస్తున్నాయి.

వేలు చూపించడం అంటే తేలిపోయిందని కాదు. తల తిప్పినప్పుడు చూపు మసకబారడానికి వేరే కారణాలూ ఉన్నాయి. అందువల్ల ఈసారి డాక్టర్‌ను కలిసినప్పుడు ఒక వివరం తప్పకుండా చెప్పండి: మసకబారింది ఒక కన్నా, రెండు కళ్లా? కుడి కన్ను ఒక్కటే తెర దించినట్టు అయితే కుడివైపు కెరోటిడ్‌లో రక్తప్రవాహం తగ్గిందేమోనన్న అనుమానం బలపడుతుంది, ఎందుకంటే కంటికి వెళ్లే ధమని లోపలి కెరోటిడ్ నుంచే చీలుతుంది. రెండు కళ్లూ ఒకేసారి మసకబారి, ఒళ్లు తూలినట్టు అనిపించి ఉంటే, మెడలో రక్తపోటును కనిపెట్టి ఉండే కెరోటిడ్ సైనస్ అనే చోట ఒత్తిడి పడి గుండె వేగం ఒక్కసారిగా తగ్గి ఉండవచ్చు. అలాంటప్పుడు ఈసీజీ, రక్తపోటు పరీక్షలు కూడా అవసరం. ఏ వైపు తిప్పినప్పుడు అలా అయిందో కూడా గుర్తు చేసుకోండి. గుర్తు రాకపోతే మళ్లీ తిప్పి చూసుకోవద్దు.

ఈ అనుమానాన్ని తేల్చే పరీక్ష సీటీ యాంజియోగ్రామ్. మీరు ఇప్పటికే తీయించుకున్న సీటీలో ఎముక కనిపించింది, కానీ రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసి ఉండకపోతే ధమని సంగతి అందులో సరిగా తెలియదు. మందు ఎక్కించి తీసినా, తల నిటారుగా పెట్టి తీస్తే చాలాసార్లు అంతా మామూలుగానే కనిపిస్తుంది, ఎందుకంటే మీకు సమస్య వస్తున్నది తల తిప్పినప్పుడు మాత్రమే. కాబట్టి తల మామూలు స్థితిలో ఒకసారి, కష్టం వచ్చే వైపుకు తిప్పి ఇంకోసారి తీయమని డాక్టర్ చీటీలో ప్రత్యేకంగా రాయాలి. రాయకపోతే స్కాన్ గదిలో ఆ ప్రస్తావనే రాదు. ఈ పరీక్ష అయ్యేదాకా కారు నడపకండి. అలాగే మెడను పట్టి ఒక్కసారిగా తిప్పి చిటపటలాడించే ఏ చికిత్సకూ, మసాజ్‌కూ ఒప్పుకోకండి. మూతి వంకర పోవడం, చెయ్యో కాలో బలహీనపడడం, మాట తడబడడం, చూపు పోయి తిరిగి రాకపోవడం, మెడలో ముందెన్నడూ లేనంత తీవ్రమైన నొప్పితో పాటు ఒక కనురెప్ప వాలిపోవడం వంటివి జరిగితే మాత్రం ఆ సంప్రదింపులన్నీ పక్కనపెట్టి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తాను. 38 మిల్లీమీటర్లు అన్న అంకె చదివి మీరు భయపడ్డారని మీ రాతలో తెలుస్తోంది. ఈ ఎముక సాధారణంగా సుమారు 25 మిల్లీమీటర్లు ఉంటుంది, 30 దాటితే పొడుగు అంటాం. ఈగిల్ అంచనా ప్రకారం ఇలా పొడుగ్గా ఉన్నవాళ్లు నూటికి నలుగురు ఉంటారు, వాళ్లలో కూడా కొద్దిమందికే నొప్పి వస్తుంది. పంటి కోసమో సైనస్ కోసమో తీసిన స్కాన్‌లో పొడుగు స్టైలాయిడ్ కనిపించి, ఇదేమిటని భయపడి వచ్చేవాళ్లను మేము చూస్తూనే ఉంటాం. వాళ్లకు నొప్పి ఉండదు, చికిత్సా అవసరం లేదు. అందువల్ల స్కాన్‌లో ఎముక పొడుగ్గా కనబడడం వేరు, మీ నొప్పి ఆ ఎముక వల్లే రావడం వేరు. మొదటిది మీ దగ్గర రుజువైంది. రెండోదాన్ని ఎవరైనా రుజువు చేశారా అన్నది మీ ఉత్తరంలో నాకు కనబడలేదు.

ఎడమవైపు పొడుగు ఎక్కువైనా నొప్పి లేకపోవడం మీకు వింతగా తోచింది. దానికి కారణం ఉంది. ఈ ఎముక విషయంలో పొడవు కంటే కొస ఎటు తిరిగి ఉందన్నది ఎక్కువ ముఖ్యం. ఎముక నిటారుగా దిగి, కొస కండరాల మధ్య మెత్తటి చోట ఆగితే 41 మిల్లీమీటర్లున్నా ఎవరికీ తెలియదు. అదే ఎముక గొంతు వైపు లోపలికి వంగి, కొస టాన్సిల్ ఉండే గుంటకు ఆనుకుంటే 38 మిల్లీమీటర్లే ముల్లవుతుంది. ఎందుకంటే ఆ గుంట వెనక గోడలోంచే గొంతుకూ నాలుక వెనక భాగానికీ స్పర్శ ఇచ్చే తొమ్మిదో కపాల నరం వెళ్తుంది, ఆ నరం కొమ్మ ఒకటి చెవి లోపలికీ పోతుంది. గొంతులో పుట్టిన నొప్పి చెవిలో తెలియడం అందుకే. మింగినప్పుడు ఎక్కువ కావడానికీ కారణం దగ్గరలోనే ఉంది: నాలుకనూ, గొంతునూ, గొంతు కింది హయాయిడ్ ఎముకనూ పైకి లాగే మూడు కండరాలు స్టైలాయిడ్‌కే అంటుకుని ఉంటాయి. కాబట్టి మీ రిపోర్టులో పొడవు మాత్రమే రాసి ఉంటే, ఎముక లోపలికి ఎంత వాలి ఉంది, కొస టాన్సిల్ గుంటకు ఎంత దూరంలో ఉంది, ధమనికి ఎంత దగ్గరగా ఉంది అన్నవి కూడా రేడియాలజిస్ట్‌ను చూసి చెప్పమని అడగాలి. అందుకోసం రిపోర్టు కాగితం చాలదు, స్కాన్ సీడీ వెంట తీసుకెళ్లండి. త్రీడీలో పేర్చిన బొమ్మలో ఇవన్నీ ఒక్క చూపులో కనబడతాయి.

ఎముకే దోషి అని తేల్చే మొదటి పరీక్షకు యంత్రం అక్కర్లేదు, డాక్టర్ వేలు చాలు. గొంతులో కొద్దిగా మొద్దుబారే స్ప్రే కొట్టి, చేతి తొడుగు వేసుకున్న చూపుడు వేలిని చివరి దవడపంటి వెనకగా టాన్సిల్ గుంటలోకి పోనిచ్చి మెల్లగా నొక్కుతాం. మామూలుగా అక్కడ మెత్తటి కండ తప్ప ఏదీ తగలదు. స్టైలాయిడ్ పొడుగ్గా ఉండి లోపలికి వాలితే, ఆ కండ కింద పెన్సిల్ మొన లాంటి గట్టి కొస వేలికి తెలుస్తుంది. అంతకంటే ముఖ్యమైనది ఆ క్షణంలో రోగి ప్రవర్తన. కుర్చీలో వెనక్కి ముడుచుకుపోయి, చేయి పైకెత్తి, ఇదే ఆ నొప్పి అని సైగ చేస్తే, ముఖ్యంగా నొప్పి చెవికి కూడా పాకితే, అనుమానం సగానికి పైగా తీరినట్టే. మీకు టాన్సిల్స్ లేవు గనుక మీ విషయంలో ఈ పరీక్ష ఇంకా తేలిక. తర్వాత ఎడమవైపు కూడా అలాగే నొక్కి పోల్చాలి. అక్కడ గట్టిగా తగిలినా నొప్పి లేకపోతే, ఎడమ ఎముక నిరపరాధి. దయచేసి దీన్ని ఇంట్లో సొంత వేలితో ప్రయత్నించకండి. గుచ్చుకునే చోటును పదేపదే పొడిచి గొంతు వాచిపోయి వచ్చినవాళ్లను నేను చూశాను.

రెండో పరీక్ష మత్తుమందుది. వేలికి నొప్పి తగిలిన ఆ చోటే సుమారు 1 మిల్లీలీటరు 2 శాతం లిగ్నోకైన్ ఎక్కించి, కొన్ని నిమిషాలు ఆగి, ఇప్పుడు మింగండి, ఇప్పుడు మెల్లగా తల తిప్పండి అంటాం. రెండేళ్ల నొప్పి ఒక గంటపాటు మాయమైతే, నొప్పి ఆ గుంట నుంచే వస్తోందని అర్థం. మీ విషయంలో యాంజియోగ్రామ్ తర్వాతే ఈ ఇంజెక్షన్ చేయించుకోవడం మంచిది, ఎందుకంటే కెరోటిడ్ ఆ గోడకు ఎంత దూరంలో ఉందో ముందే తెలిసి ఉంటుంది.

అయితే ఈ పరీక్ష చెప్పగలిగినదానికి ఒక హద్దు ఉంది, ఆ సంగతి చాలామంది రోగులకు ఎవరూ చెప్పరు. ఆ మందు ఎముకను మొద్దుబార్చదు, పక్కనే ఉన్న తొమ్మిదో నరాన్ని మొద్దుబారుస్తుంది. అందువల్ల ఎముకతో సంబంధం లేకుండా ఆ నరమే జబ్బుపడి నొప్పి ఇస్తున్నా, ఈ ఇంజెక్షన్‌తో తగ్గిపోతుంది. ఆ రెండింటినీ విడదీసేది నొప్పి తీరు. నరం జబ్బులో నొప్పి కరెంటు షాక్ కొట్టినట్టు కొన్ని సెకన్ల నుంచి ఒకటి రెండు నిమిషాలు వచ్చి పూర్తిగా పోతుంది, మధ్యలో ఏమీ ఉండదు. ఎముక నొప్పి రోజంతా మొండిగా, గుచ్చుతూ ఉండి, మింగినప్పుడూ తల తిప్పినప్పుడూ పెరుగుతుంది. మీరు రాసినది రెండో తీరుకు దగ్గరగా ఉంది. నాకు నమ్మకం కలిగించిన మాట కూడా అదే.

ఈ రెండు పరీక్షలూ లేకుండా ఆపరేషన్‌కు వెళ్లవద్దని ఇంత పట్టుదలగా చెప్పడానికి నాకొక కారణం ఉంది. కొన్నేళ్ల కిందట ఒకాయన రెండోసారి చూపించుకోవడానికి నా దగ్గరకు వచ్చారు. అప్పటికే వేరేచోట కుడి స్టైలాయిడ్ తీసేశారు. స్కాన్‌లో ఎముక చక్కగా పొట్టిగా ఉంది, ఆపరేషన్‌లో లోపమేమీ లేదు, కానీ నొప్పి అలాగే ఉంది. నోరు మెల్లగా తెరవమని చెవి ముందు వేలు పెడితే దవడ కీలు టక్కుమని జారింది, అక్కడ నొక్కగానే ఆయన ముఖం చిట్లించారు. నొప్పి మొదటి నుంచీ దవడ కీలుది. స్కాన్‌లో పొడుగు ఎముక కనబడగానే అందరి చూపూ దాని మీదకు పోయి, కీలును ఎవరూ ముట్టుకోలేదు. మీకూ ఆవలించినప్పుడు నొప్పి ఉంది కాబట్టి దవడ కీలును, నమలడానికి వాడే కండరాలను ఒకసారి పరీక్షించమని అడగండి. రెండు నిమిషాల పని.

క్యాన్సర్ గురించిన మీ భయానికి నేరుగా చెబుతాను. స్టైలాయిడ్ పెరగడం క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా. కానీ ఒకవైపే గొంతు నొప్పి ఉండి చెవికి పాకుతుంటే, నాలుక మొదలులోనో, టాన్సిల్ గుంటలోనో, అన్నవాహిక మొదటి భాగంలోనో గడ్డ దాగి ఉందేమో చూడడం మా వృత్తిలో తప్పనిసరి. మీకు కెమెరాతో చూసి ఏడాదిన్నర అయింది. ఆ తర్వాత కూడా నొప్పి ఉంది కాబట్టి, ఆపరేషన్ నిర్ణయానికి ముందు ముక్కులోంచి వేసే సన్నని స్కోప్‌తో ఇంకొకసారి చూడడం, వేలితో నాలుక మొదలు తడిమి చూడడం న్యాయం. మెడలో గడ్డ తగలడం, ఉమ్మిలో రక్తం, మూడు వారాలు దాటినా పోని గొంతు బొంగురు, రోజురోజుకీ గట్టి ఆహారం దిగకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే ఆ పరీక్షను వాయిదా వేయవద్దు. వీటిలో ఏదీ మీరు రాయలేదు.

ఇక మీ ముందున్న దారులు. యాంజియోగ్రామ్‌లో ధమని మీద ఒత్తిడి లేదని తేలితే, తొందరపడాల్సిన అవసరం లేదు. మూడో డాక్టర్ చెప్పిన మాత్రల దారిని తీసిపారేయకండి. మాత్రలు ఎముకను ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గించవు, ఆ విషయంలో మీ అనుమానం నిజమే. కానీ అవి నరం చికాకును తగ్గిస్తాయి. మామూలు నొప్పి మాత్రలు కొంతవరకే పనిచేస్తాయి. గాబాపెంటిన్, కార్బమజెపిన్, తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ వంటి నరాల మందుల్లో ఒకదాన్ని రాత్రిపూట చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచి, నాలుగు నుంచి ఆరు వారాలు చూస్తాం. మత్తు, తల తిరగడం వీటన్నింటికీ ఉన్న ఇబ్బందే. అసలే తల తిప్పితే కళ్లు మసకబారుతున్న మీకు ఇది గందరగోళం కలిగించవచ్చు కాబట్టి, మొదలుపెట్టిన తేదీ రాసి ఉంచుకోండి. కార్బమజెపిన్ వాడుతుండగా ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే ఆపి డాక్టర్‌కు చెప్పాలి.

దీని తర్వాతి మెట్టు, మత్తుమందుతో పాటు స్టెరాయిడ్ కలిపి అదే గుంటలో ఇంజెక్షన్ ఇవ్వడం. పనిచేస్తే కొన్ని వారాలో, కొన్ని నెలలో ఉపశమనం ఉంటుంది. ఎముక అక్కడే ఉంటుంది కాబట్టి నొప్పి తిరిగి రావచ్చు. మీ ఉద్యోగంలోనో ఇంట్లోనో ఇప్పుడు ఆపరేషన్‌కు వీలుకాని పరిస్థితి ఉంటే, కొంత కాలం కొనుక్కోవడానికి ఇది మంచి దారి. నెలనెలా పొడిపించుకుంటూ ఏళ్లు గడపడానికి మాత్రం పనికిరాదు.

ఈ రెండింటితో నొప్పి అదుపులోకి రాకపోతే, లేదా ధమని మీద ఒత్తిడి ఉందని తేలితే, మిగిలింది ఎముకను కత్తిరించి పొట్టి చేయడం. వెనకటికి టాన్సిల్ గుంటలోంచి వేలితో నొక్కి ఎముకను లోపలే విరగ్గొట్టి వదిలేసే పద్ధతి ఒకటి ఉండేది. దాన్ని ఎవరైనా సూచిస్తే ఒప్పుకోకండి. విరిగిన ముక్క అక్కడే ఉండి నొప్పి తగ్గదు, పైగా పక్కనున్న నరాలూ రక్తనాళాలూ దెబ్బతినవచ్చు.

నోట్లోంచి చేసే పద్ధతిలో టాన్సిల్ గుంటలో వేలితో కొసను గుర్తించి, దాని మీది పొరను, కండరాన్ని నిలువుగా విడదీసి, ఎముకను అంటుకుని ఉన్న కండరాలను, లిగమెంట్లను ఒలిచి, ఎముకను వీలైనంత పైన కత్తిరించి బయటకు తీస్తారు. బయట మచ్చ ఉండదు, సమయం తక్కువ, ఇంటికి త్వరగా వెళ్తారు. కానీ సర్జన్ లోతైన, ఇరుకైన గుంటలో పని చేయాలి. ధమని ఎక్కడుందో కంటితో పూర్తిగా చూడలేరు, రక్తం కారితే ఆపడం కష్టం. నోటిలోని క్రిములు మెడ లోతుల్లోకి పోయి ఇన్ఫెక్షన్ అయ్యే అవకాశమూ ఉంది. ఎముక మొదలు దాకా చేరలేక కొంత పొడవు మిగిలిపోవడమూ జరుగుతుంది. మీకు పాత టాన్సిల్ ఆపరేషన్ వల్ల టాన్సిల్ తీసే పని లేదు, కానీ ఆ గుంటలో ఏర్పడిన మచ్చ కణజాలం పొరలను ఒకదానికొకటి అతికించి ఉండవచ్చు. ఇది నోటి దారిని కొంత కష్టం చేస్తుంది.

మెడ దారిలో దవడ కింద, చర్మపు మడతలో కలిసిపోయేట్టు కోసి, కెరోటిడ్ ధమనులను, నరాలను కళ్లెదుట పెట్టుకుని, వాటిని పక్కకు జరిపి, ఎముకను మొదలు దగ్గర కత్తిరిస్తారు. ధమని మీద ఒత్తిడి ఉన్నవాళ్లకు నేను ఈ దారినే ఇష్టపడతాను, కారణం నాకు కావలసింది ధమనిని కళ్లతో చూడడం. దీనికి మూల్యం మెడ మీద మచ్చ, ఎక్కువ సమయం, ఇంకా కింది పెదవిని కదిపే ముఖ నరపు కొమ్మ లాగబడి నవ్వినప్పుడు పెదవి కొంత వంకరగా కనబడడం. అది చాలామందిలో వారాల నుంచి కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. కొందరికి ఆపరేషన్ తర్వాత ప్రతిసారీ తినడం మొదలుపెట్టిన మొదటి ముద్దకు దవడ దగ్గర కలుక్కుమనే నొప్పి వస్తుంది. రెండో మూడో ముద్దకు తగ్గిపోతుంది. భయపడాల్సినది కాకపోయినా, ముందే తెలిసి ఉండడం మంచిది.

కాబట్టి మీ ఇద్దరు సర్జన్లు ఒకరినొకరు ఖండించుకుంటున్నారని అనుకోకండి. గొంతు నొప్పి మాత్రమే ఉండి, కొస వేలికి అందుతుంటే, నోటి దారిలో చెయ్యి తిరిగిన సర్జన్ దాన్ని చెప్పడం సబబే. తల తిప్పితే చూపు మసకబారే మనిషికి మెడ దారి చెప్పడమూ సబబే. మీరు ఈ రెండింటిలో ఎవరన్నది యాంజియోగ్రామ్ చెబుతుంది. ఆ తర్వాత సర్జన్‌ను అడగాల్సినవి: ఎముక ఎంత మిగల్చబోతున్నారు, ఇలాంటి ఆపరేషన్‌ను ఏ దారిలో ఎక్కువగా చేశారు, ధమని దగ్గర రక్తం కారితే రక్తనాళాల సర్జన్ అదే ఆసుపత్రిలో అందుబాటులో ఉంటారా. చివరి ప్రశ్నకు విసుక్కునే సర్జన్ దగ్గర నేనైతే చేయించుకోను.

ఫలితం గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. సరిగా నిర్ధారణ అయినవాళ్లలో ఆపరేషన్ తర్వాత సుమారు నూటికి 80 మందికి నొప్పి పోతుంది, లేదా బాగా తగ్గుతుంది. మిగిలినవాళ్లకు తగ్గకపోవడానికి కారణాలు మూడు కనబడతాయి: ఎముక కొంత పొడవు మిగిలిపోవడం, రెండేళ్లు మూడేళ్లు రాపిడి తిన్న నరం తన చికాకును మానకపోవడం, లేదా నొప్పికి మూలం మొదటి నుంచీ వేరే కావడం. మూడోదాన్ని మాత్రమే మనం ముందుగా పూర్తిగా ఆపగలం, అందుకే వేలి పరీక్ష గురించి అంత సేపు చెప్పాను. ఆపరేషన్ అయ్యాక మొదటి ఒకటి రెండు వారాలు మింగడం ఇప్పటికంటే ఎక్కువ నొప్పిగా ఉంటుంది, ముఖ్యంగా నోటి దారిలో. ఆ రోజుల్లో పనిచేసిందో లేదో అని లెక్కలు వేసుకోవద్దు.

ఎప్పుడు మత్తు ఇచ్చి ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చినా, అది ఈ ఎముకకు సంబంధం లేనిదైనా సరే, మీ స్టైలాయిడ్లు పొడుగ్గా ఉన్నాయని మత్తు డాక్టర్‌కు ముందుగా చెప్పండి. స్టైలాయిడ్ నుంచి హయాయిడ్‌కు వెళ్లే లిగమెంట్ కూడా ఎముకలా గట్టిపడి ఉన్నవాళ్లలో శ్వాస గొట్టం వేయడం కష్టమవుతుంది. మీ స్కాన్‌లో అలా ఉందో లేదో అదే రేడియాలజిస్ట్ చెప్పగలరు.

ఎడమవైపు ఎముక సంగతి: యాంజియోగ్రామ్‌లో అది ధమనిని నొక్కడం లేదని తేలి, వేలితో నొక్కినా నొప్పి లేకపోతే దాని జోలికి పోవద్దు. ఒకే మత్తులో రెండూ తీసేద్దామని ఎవరైనా అంటే, కుడివైపు తీసి ఆరు నెలలు చూశాక మాట్లాడుకుందామని చెప్పండి.